ప్రమాదం గురించిన సందేశాన్ని హిందీలోకి మార్చాలి: ఏ సంస్కృత పదాలను అలాగే ఉంచవచ్చు?

వార్ధా ఒడ్డు

అందరికీ నమస్కారం. నేను బల్లార్‌పుర్ దగ్గర ఒక కర్మాగారంలో షిఫ్టు పర్యవేక్షకునిగా పనిచేస్తున్నాను. మా దగ్గర తెలుగువారు, మరాఠీవారు, ఛత్తీస్‌గఢ్, బిహార్‌ల నుంచి వచ్చిన హిందీవారు కలిసి పనిచేస్తారు. నిన్న రాత్రి జరిగిన ఒక ప్రమాదం గురించి మా తెలుగు బృందానికి ఈ కింది సందేశం పంపాను. దీనినే హిందీలో నోటీసు బోర్డుపై పెట్టి, ఒక ప్రతిని పై కార్యాలయానికి పంపమన్నారు.

“నిన్న రాత్రి రెండో షిఫ్టులో కన్వేయర్ దగ్గర జరిగిన ప్రమాదంలో ఒక కార్మికుని చేతికి గాయమైంది. బాధితునికి ప్రథమ చికిత్స చేయించి ఆసుపత్రికి పంపాము. ఈ సంఘటనపై విచారణ జరుగుతోంది. నివేదిక వచ్చేవరకు ఆ యంత్రాన్ని నడపరాదు. భద్రతా నియమాలను పాటించడం అందరి బాధ్యత. ఎవరికైనా అనుమానాలుంటే షిఫ్టు అధికారిని సంప్రదించే అవకాశం ఉంది.”

రెండు భాషలకూ సంస్కృత పదాలు ఉమ్మడి కనుక వీలైనంతవరకు వాటినే ఉంచి ఒక చిత్తుప్రతి తయారుచేశాను. చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను.

“కల్ రాత్ దూస్రీ శిఫ్ట్ మేఁ కన్వేయర్ కే పాస్ హుఏ ప్రమాద్ మేఁ ఏక్ కార్మిక్ కే హాథ్ మేఁ చోట్ ఆఈ. బాధిత్ కో ప్రథమ్ చికిత్సా దేకర్ అస్పతాల్ భేజా గయా. ఇస్ సంఘటనా పర్ విచారణ్ చల్ రహా హై. నివేదన్ ఆనే తక్ వహ్ యంత్ర్ న చలాఏఁ. భద్రతా నియమోఁ కా పాలన్ సబ్ కీ బాధ్యతా హై. కిసీ కో అనుమాన్ హో తో శిఫ్ట్ అధికారీ సే సంపర్క్ కా అవకాశ్ హై.”

ఇది సాయంత్రం షిఫ్టు మారేలోగా బోర్డు మీదికి ఎక్కాలి. ఏ పదాలు ఉంచవచ్చో, ఏవి మార్చాలో పెద్దలు చెప్పగలరు.

ధర్మాబాద్ వెంకట్

నాకైతే ఇందులో పెద్ద దోషమేమీ కనిపించలేదు. మాది నాందేడ్ జిల్లా. మా ఇళ్లలో తెలుగు, బయట మరాఠీ, ఆఫీసులో హిందీ నడుస్తాయి. సంస్కృత పదం వేస్తే ముగ్గురికీ అర్థమవుతుందన్నది మా అందరి అనుభవం. ఉదాహరణకు శిక్ష అంటే మరాఠీలోనూ శిక్షే, సంసారం అంటే అక్కడా ఇల్లూ పిల్లలే, రాజీనామా అంటే వారికీ ఉద్యోగం మానుకోవడమే. మీ చిత్తుప్రతిని పక్కనున్న మరాఠీ సహోద్యోగికి ఒకసారి చూపించి, ఆయన సరేనంటే పెట్టేయండి.

చాందా అనువాదకుడు

వెంకట్ గారు చెప్పిన మూడు ఉదాహరణలూ మరాఠీ వరకు నిజమే, కాని ఆ మూడే హిందీలో తప్పుతాయి. శిక్షా అంటే హిందీవారికి చదువు, సంసార్ అంటే ప్రపంచం, రాజీనామా అంటే కోర్టు బయట కుదుర్చుకున్న రాజీపత్రం. ఉద్యోగం మానుకోవడానికి వారి మాట ఇస్తీఫా. (ఇందులో రాజీనామా సంస్కృత పదం కాదు, అది ఫారసీ నుంచి వచ్చినది. అయినా దారి ఒకటే.) మన ప్రాంతంలో మరాఠీవారిని అడిగి హిందీని సరిచూసుకునే అలవాటు చాలామందికి ఉంది. తెలుగూ మరాఠీ శతాబ్దాలుగా పక్కపక్కన ఉండటం వల్ల ఎన్నో పదాలు రెండింటిలో ఒకే అర్థానికి వచ్చాయి. అందువల్ల మరాఠీ మిత్రుడు “సరే” అన్నంత మాత్రాన ఆ పదం బిహార్ నుంచి వచ్చిన మనిషికి సరైన అర్థమే ఇస్తుందని అనుకోకూడదు.

నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో హిందీ అనువాదకునిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వార్ధా ఒడ్డు గారూ, మీ చిత్తుప్రతిలో వెంటనే మార్చవలసిన మొదటి పదం ప్రమాద్. మిగతావి నవ్వు తెప్పించవచ్చు గాని ఇది చిక్కు తెస్తుంది. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. “ప్రమాదో ధీమతామపి” అని మనం అనేటప్పుడు బుద్ధిమంతులు కూడా పొరపాటు పడతారనే కదా అర్థం, వారికి లారీ గుద్దుతుందని కాదు. “ప్రమాదవశాత్తు” అన్న మాటలోనూ ఆ పాత వాసన కొంత మిగిలి ఉంది. తెలుగులో కాలక్రమేణా ఏమరుపాటు వల్ల జరిగే కీడుకు, ఆపైన ఏ కీడుకైనా అదే పేరు స్థిరపడింది. హిందీలో అది పాత అర్థంలోనే ఉండిపోయింది. “ఆలస్య్ ఔర్ ప్రమాద్” అని సోమరితనంతో జతచేసి వాడతారు. మీ వాక్యాన్ని పై కార్యాలయంలో హిందీ బాగా వచ్చిన అధికారి చదివితే, ఆ కార్మికుడు అజాగ్రత్త వల్ల గాయపడ్డాడని మీరే రాసి పంపినట్లు అవుతుంది. విచారణ పూర్తికాకముందే తీర్పు చెప్పినట్లన్నమాట.

అక్కడ ఉండవలసిన పదం దుర్ఘటనా. అయితే పదం ఒక్కటి మారిస్తే సరిపోదు. ప్రమాద్ పుంలింగం కనుక మీరు “హుఏ” అన్నారు. దుర్ఘటనా స్త్రీలింగం కనుక అది “హుఈ దుర్ఘటనా మేఁ” అవుతుంది. మన భాషలో ఇవన్నీ నపుంసకమే కావడంతో ఈ రెండో మార్పు మనవారికి తరచుగా గుర్తురాదు.

గుణుపురం లక్ష్మి

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా. మా కార్యాలయంలో ఇబ్బంది దీనికి తిరుగుదిక్కున వస్తుంది. పై నుంచి వచ్చే సర్క్యులర్లు హిందీలో ఉంటాయి, తెలుగు సిబ్బంది కోసం వాటిని నేను తెలుగులో రాయాలి. ఒకసారి మా కొత్త గుమాస్తా “అవకాశ్ హేతు ఆవేదన్” అన్న శీర్షికను “అవకాశం కొరకు ఆవేదన” అని రాసి తెచ్చాడు. సెలవు కోసం దరఖాస్తు అని దాని అర్థం. అతడు రాసిన దానిలో ప్రతి పదమూ తెలుగే, అసలు శీర్షికలో ఉన్నదీ అదే పదమే, కాని అందులో సెలవూ లేదు, దరఖాస్తూ లేదు. ఇంకోసారి “సమయ్ పర్ ఆనే కా ఆగ్రహ్ హై” అన్న వాక్యాన్ని ఒక పెద్దాయన తానే చదువుకొని, అధికారికి ఇంత ఆగ్రహం ఎందుకు వచ్చిందని నన్ను అడిగాడు. వేళకు రమ్మని గట్టిగా కోరుతున్నారు తప్ప ఎవరికీ కోపం లేదని నచ్చజెప్పవలసి వచ్చింది.

మీ ఆఖరి వాక్యం చూడగానే నాకు ఇదంతా గుర్తొచ్చింది. “సంపర్క్ కా అవకాశ్ హై” అంటే హిందీవారు షిఫ్టు అధికారిని కలవడానికి సెలవు ఇస్తున్నారేమో అనుకుంటారు.

సిరొంచ నివాసి

ఈ చర్చ చూస్తే సంతోషంగా ఉంది. తెలుగులో సంస్కృత పదాలు మితిమీరిపోయాయని నేను ఎప్పటినుంచో అంటున్నాను. భద్రత ఎందుకు, కాపుదల అనవచ్చు కదా. విచారణ ఎందుకు, ఆరా తీయడం అనవచ్చు. ఈ పదాలన్నింటినీ తీసివేస్తే మీ సమస్య ఉండనే ఉండదు. గడ్చిరోలి వైపు మేము ఇంట్లో మాట్లాడే తెలుగులో ఇవేవీ రావు.

చాందా అనువాదకుడు

సిరొంచ మిత్రమా, మీరు చెప్పేది వేరే చర్చకు చక్కగా సరిపోతుంది. ఇక్కడ తెలుగు సందేశం ఇప్పటికే వెళ్లిపోయింది, అందులో అందరికీ తెలిసిన మాటలే ఉన్నాయి. మారవలసింది హిందీ మాత్రమే.

మిగతా పదాలకు వస్తాను. బాధిత్ అంటే హిందీలో ఆటంకపడినది. “బిజలీ సేవా బాధిత్ రహేగీ” అని కరెంటు నోటీసుల్లో రాస్తారు. మరాఠీలో మాత్రం బాధిత అంటే ప్రభావానికి గురైనవాడు కాబట్టి అక్కడ నడుస్తుంది. హిందీలో పీడిత్ అనవచ్చు గాని, చేతికి దెబ్బ తగిలిన మనిషికి అది కొంత పెద్ద మాట. ఘాయల్ అంటే చాలు, మన గాయానికి దగ్గరి చుట్టమే అది.

సంఘటనా అన్నది హిందీలో ఈ అర్థంలో వాడరు, చదివేవారు దానిని సంగఠన్ అనుకుంటారు. మరాఠీవారికైతే సంఘటనా అంటే సాక్షాత్తూ యూనియనే. బోర్డుపై మీ వాక్యం చూసి యూనియన్‌పై ఏదో నడుస్తోందని వారు అనుకుంటే ఆశ్చర్యం లేదు. ఘటనా అని రాయండి, రెండు భాషలవారికీ అర్థమవుతుంది. విచారణ్ హిందీ చట్టాల్లో కోర్టు విచారణకు వాడే పదం. కార్యాలయంలో జరిగేది జాంచ్. నివేదన్ అంటే మనవి. మీ వాక్యం ప్రకారం ఎవరో వచ్చి బతిమాలేవరకు యంత్రం ఆపాలి. రిపోర్ట్ అనండి, లేదా ప్రతివేదన్ అనండి, కాని ఆ రెండోది బోర్డు చదివే కార్మికులకు బరువైన మాట.

భద్రతా అంటే హిందీలో మర్యాద, పెద్దమనిషితనం. మీరు మర్యాద నియమాలు పాటించమని రాశారు. బాధ్యతా అంటే తప్పనిసరి పరిస్థితి, గత్యంతరం లేకపోవడం. ఆ రెండూ కలిసిన ఆ వాక్యాన్ని ఒక హిందీ మిత్రుడు చదివితే “మర్యాదగా ఉండక ఎవరికీ గత్యంతరం లేదు” అని అర్థం చేసుకుంటాడు. సురక్షా, జిమ్మేదారీ అని మార్చండి. అనుమాన్ అంటే అంచనా, దాని బదులు శంకా లేదా సందేహ్ వాడవచ్చు.

బిలోలి ఇంజినీరు

ఇంత గింజుకోవడం అవసరమా? మా సైటులో అందరూ యాక్సిడెంట్, ఇంజురీ, ఎంక్వైరీ, రిపోర్ట్, సేఫ్టీ అంటారు. తెలుగువాడికీ హిందీవాడికీ మరాఠీవాడికీ ఒకే అర్థం. సంస్కృతం కంటే ఇంగ్లీషే భద్రం. (తెలుగు భద్రతే, పైన చెప్పిన హిందీ భద్రత కాదు.)

గుణుపురం లక్ష్మి

తమ్ముడూ, నీ మాటలో సగం న్యాయముంది. బోర్డు దగ్గర నిలబడి చదివేవారికి రిపోర్ట్, మశీన్, శిఫ్ట్ వంటివి ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. కాని ఈ ప్రతి పై కార్యాలయానికి కూడా వెళుతోందని ఆయన మొదటే చెప్పారు. అక్కడ హిందీ పత్రం అడిగితే హిందీ పత్రమే పంపాలి. పైగా బాధ్యత, అవకాశం, అనుమానం వంటి మాటలకు మనం రోజువారీగా వాడే ఇంగ్లీషు మాటలు కూలీలకు అంతగా తెలియవు. చిక్కంతా సరిగ్గా ఆ పదాల దగ్గరే ఉంది.

వార్ధా ఒడ్డు

అనువాదకులు గారూ, చాలా కృతజ్ఞతలు. నేను అనుకున్నదానికంటే ఎక్కువ పదాలే మారుతున్నాయి. అయితే అన్నీ అనుమానించవలసినవే అంటారా? నియమ్, అధికారీ, చికిత్సా, సంపర్క్ కూడా మార్చాలా? ప్రతి పదానికీ మీ వంటివారిని అడగలేను కదా. నాకు నేనుగా పోల్చుకునే గుర్తు ఏదైనా ఉందా?

చాందా అనువాదకుడు

ఆ నాలుగూ నిశ్చింతగా ఉంచండి. చికిత్సా ముందున్న “ప్రథమ్” ఒక్కటి “ప్రాథమిక్” చేయండి, హిందీవారు అలాగే అంటారు. గట్టి సూత్రమని చెప్పలేను గాని, ఇన్నేళ్ల పనిలో నేను గమనించిన తేడా ఒకటుంది. పదవి, కార్యాలయం, జీతం, వేళ, ఉత్తర్వు వంటి వ్యవస్థకు సంబంధించిన మాటలు సాధారణంగా చెక్కుచెదరవు. కార్యాలయ్, విభాగ్, వేతన్, సమయ్, ఆదేశ్, అనుమతి, పర్యవేక్షక్ ఈ కోవలోవి. వీటిలో చాలావరకు ఈ మధ్యకాలంలో పాలనావసరాల కోసం సంస్కృతం నుంచి సమకూర్చుకున్నవి. 1961లో ఏర్పడిన శాస్త్రీయ సాంకేతిక పారిభాషిక పదావళి ఆయోగం కూడా ఇటువంటి పాలనా పదకోశాలు తయారుచేసింది. దానికి భిన్నంగా, మనసులోని భావాన్నీ మనిషికి ఎదురయ్యే పరిస్థితినీ చెప్పే మాటలు ప్రతి భాషలోనూ జనం నోట్లో నలిగి తమ దారిన తాము పోయాయి. అనుమానం, విచారం, ఆగ్రహం, అవసరం, అవకాశం, ఆలోచన, ప్రమాదం అన్నీ అటువంటివే. “మీ ఆలోచనలు తెలపండి” అన్నదానిని “అప్నీ ఆలోచనా బతాఏఁ” అంటే విమర్శించమని కోరినట్లే. “యాజమాన్యం విచారం వ్యక్తం చేసింది” అన్నదానిని “విచార్ వ్యక్త్ కియా” అని రాస్తే అభిప్రాయం చెప్పినట్లే అవుతుంది, చింత మాయమవుతుంది. దానికి అక్కడి మాట ఖేద్.

ఒక్కొక్కసారి ఒకే మూలం నుంచి పుట్టిన జంటలోనే ఒకటి నిలుస్తుంది, ఒకటి జారుతుంది. అధికారీ రెండుచోట్లా ఒకటే. అధికార్ మాత్రం హిందీలో ఎక్కువగా హక్కు. వరుసగా జారినవీ ఉన్నాయి. మన ఉద్యోగం వారికి నౌకరీ, మన పరిశ్రమ వారికి ఉద్యోగ్, మన శ్రమ వారికి పరిశ్రమ్. వీటిలో ఒకదానిని సరిచేసి రెండోదానిని వదిలేస్తే వాక్యం ఇంకా అధ్వాన్నమవుతుంది.

మీరే చేయగల పరీక్ష ఒకటుంది. నిఘంటువులో ఆ పదం ఉందా అని చూడవద్దు, దాదాపు అన్నీ ఉంటాయి. రైల్వే స్టేషన్‌లోనో బ్యాంకులోనో హిందీ బోర్డులపై మీరు చెప్పదలచిన విషయానికే ఆ పదం వాడారా అని చూడండి. తరువాత మీ వాక్యాన్ని హిందీ మాతృభాషగా ఉన్న ఒక కార్మికునికి చదివి వినిపించి, “అర్థమైందా?” అని అడగకుండా, “ఇందులో ఏమి చెప్పారో మీ మాటల్లో చెప్పండి” అనండి. అర్థమైందా అంటే పర్యవేక్షకుని ముందు ఎవరైనా తలూపుతారు. తన మాటల్లో చెప్పినప్పుడు “మర్యాద నియమాలు” బయటపడుతుంది.

ధర్మాబాద్ వెంకట్

మరాఠీ సాక్ష్యం హిందీకి చెల్లదన్నది ఒప్పుకుంటున్నాను. అయినా ఒక మాట. మీ బోర్డు చదివేవారిలో మరాఠీవారూ ఉన్నారు. వారికి విడిగా మరాఠీ ప్రతి లేకపోతే, హిందీ ప్రతిలోనే వారికి పొరపాటు అర్థం రాని పదాలు ఎంచుకోవడం మేలు. దుర్ఘటనా వారికి అర్థమవుతుంది గాని వారి మాట అపఘాత్. శ్రమిక్ కంటే కామ్‌గార్ వారికి దగ్గర.

చాందా అనువాదకుడు

అది మంచి సూచన. కామ్‌గార్ అంటే బిహార్ మనిషికి కూడా తెలుస్తుంది, అయితే పై కార్యాలయానికి వెళ్లే ప్రతిలో నేను శ్రమిక్ అనే రాస్తాను. కార్మిక్ అంటే హిందీ కార్యాలయ భాషలో మొత్తం ఉద్యోగ సిబ్బంది. కార్మిక్ విభాగ్ అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే శాఖ. గాయపడినవాడు గుమాస్తానా కూలీనా అన్నది దానితో తేలదు. అపఘాత్ మాత్రం హిందీ ప్రతిలో వద్దు, మరాఠీ ప్రతి విడిగా రాయడమే దారి.

వార్ధా ఒడ్డు

అందరి మాటలూ కలిపి ఇలా మార్చాను.

“కల్ రాత్ దూస్రీ శిఫ్ట్ మేఁ కన్వేయర్ కే పాస్ హుఈ దుర్ఘటనా మేఁ ఏక్ శ్రమిక్ కే హాథ్ మేఁ చోట్ ఆఈ. ఘాయల్ శ్రమిక్ కో ప్రాథమిక్ చికిత్సా దేకర్ అస్పతాల్ భేజా గయా. ఘటనా కీ జాంచ్ చల్ రహీ హై. జాంచ్ రిపోర్ట్ ఆనే తక్ వహ్ మశీన్ న చలాఏఁ. సురక్షా నియమోఁ కా పాలన్ సబ్ కీ జిమ్మేదారీ హై. కిసీ కో కోఈ సందేహ్ హో తో శిఫ్ట్ అధికారీ సే సంపర్క్ కర్ సక్తే హైఁ.”

యంత్ర్ తప్పేమీ కాకపోయినా అందరూ మశీనే అంటారు కనుక మార్చాను. మా షిఫ్టులోని ఒక ఛత్తీస్‌గఢ్ మిత్రునికి వినిపించి, తన మాటల్లో చెప్పమన్నాను. అంతా సరిగ్గానే చెప్పాడు గాని, చివరి వాక్యం దగ్గర “ఎవరిమీదైనా సందేహం ఉంటే వచ్చి చెప్పాలా?” అని అడిగాడు.

గుణుపురం లక్ష్మి

ప్రమాదం జరిగిన మరునాడు, జాంచ్ అన్న మాట వెంటనే సందేహ్ అంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. శంకా అంటే కొంత నయమేమో.

చాందా అనువాదకుడు

శంకాలోనూ ఆ ఛాయ లేకపోలేదు. మామూలు సర్క్యులర్‌లో అయితే నేను రెండింటిలో ఏదైనా వాడతాను, ఈ సందర్భానికి ఏది మేలో నేనూ తేల్చి చెప్పలేను. ఆ పదాన్నే తప్పించి “కుఛ్ పూఛ్‌నా హో తో” అని రాస్తే ఏదైనా అడగాలనుకుంటే అన్న అర్థం నేరుగా వస్తుంది.

బిలోలి ఇంజినీరు

పై కార్యాలయానికి వెళ్లే కాగితంలో “కుఛ్ పూఛ్‌నా హో” అంటే మరీ ఇంటి మాటలా ఉండదా?

వార్ధా ఒడ్డు

బోర్డు ప్రతిలో “కుఛ్ పూఛ్‌నా హో తో” అని, పైకి వెళ్లే ప్రతిలో “శంకా” అని ఉంచుతున్నాను. వెంకట్ గారూ, మరాఠీ ప్రతి రేపు రాస్తాను, అపఘాత్ తరువాతి వాక్యాలు మీరు ఒకసారి చూసిపెట్టాలి.

ధర్మాబాద్ వెంకట్

తప్పకుండా పంపండి. విచారణకు అక్కడ చౌకశీ అని రాయండి.